సంగీత చార్టులు

సంగీత చార్టు అంటే నిర్ణీత కాలంలో, సాధారణంగా ఒక వారంలో, ఏ పాటకు ఎంత ఆదరణ దక్కిందో లెక్కగట్టి వరుసగా పేర్చిన పట్టిక. ఆదరణను నేరుగా కొలిచే సాధనమేదీ లేదు కనుక ప్రతి చార్టూ దానికి బదులుగా లెక్కించదగిన మరో దాన్ని ఎంచుకుంటుంది. అమ్ముడైన రికార్డులు, రేడియోలో వేసిన సార్లు, ఇంటర్నెట్‌లో విన్న సార్లు అలాంటివే. ఏది లెక్కలోకి వస్తుంది, దానికి ఎంత విలువ, ఏ పాటకు అర్హత ఉంది అనే మూడు నిర్ణయాలను బట్టి ఒకే పాట ఒక చార్టులో మొదటి స్థానంలో నిలిచి, మరోదానిలో వెనకబడవచ్చు.

తొలి చార్టులు

అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ 1940 జూలై 27న దుకాణాల్లో రికార్డుల అమ్మకాల ఆధారంగా జాతీయ పట్టికను ప్రచురించింది. అందులో మొదటి స్థానం టామీ డోర్సీ బృందం పాటది. గాయకుల్లో ఫ్రాంక్ సినాత్రా ఒకడు. 1950ల నాటికి ఆ పత్రిక దుకాణాల అమ్మకాలకు, రేడియో జాకీలు వేసే పాటలకు, జూక్ బాక్సుల్లో జనం నాణెం వేసి వినే పాటలకు వేర్వేరు పట్టికలు నడిపేది. మూడింటిలోనూ అగ్రస్థానం ఒకే పాటది కావాలన్న నియమం లేదు. 1958 ఆగస్టు 4న అమ్మకాలనూ రేడియో ప్రసారాలనూ కలిపి ‘హాట్ 100’ మొదలైంది. రికీ నెల్సన్ పాడిన ‘పూర్ లిటిల్ ఫూల్’ దానిలో తొలి నంబర్ వన్.

బ్రిటన్‌లో 1952 నవంబరు 14న న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక తొలి పట్టికను వేసింది. పత్రిక సిబ్బంది సుమారు 20 దుకాణాలకు ఫోన్ చేసి, బాగా అమ్ముడవుతున్న రికార్డుల పేర్లు రాసుకుని దాన్ని తయారుచేశారు. ఆ తర్వాత ఇతర పత్రికలూ సొంత పట్టికలు మొదలుపెట్టాయి. ఒక్కో పత్రిక అడిగే దుకాణాలు వేరు కాబట్టి ఫలితాలూ వేరుగా వచ్చేవి. 1963లో బీటిల్స్ బృందం ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్, మెలొడీ మేకర్ పత్రికల్లో మొదటి స్థానానికి వెళ్లింది. రికార్డ్ రిటైలర్ పత్రికలో మాత్రం రెండో స్థానం దాటలేదు. తర్వాతి కాలంలో బ్రిటన్ అధికారిక చరిత్ర 1960 నుంచి రికార్డ్ రిటైలర్ పట్టికనే ప్రమాణంగా తీసుకుంది. అందుకే నంబర్ వన్ పాటలతో 2000లో వచ్చిన బీటిల్స్ సంకలనం ‘1’లో ఆ పాట లేదు.

గుర్తు నుంచి గణన వైపు

1991 దాకా అమెరికాలో దుకాణదారులు ఏ రికార్డు బాగా పోతోందో వరుసక్రమం చెప్పేవారు తప్ప, ఎన్ని ప్రతులు అమ్మారో చెప్పేవారు కాదు. గుమాస్తా అభిరుచి, రికార్డు కంపెనీ ప్రతినిధి ఒత్తిడి ఆ జాబితాలోకి చొరబడే వీలుండేది. 1991 మే 25 సంచిక నుంచి ఆల్బమ్‌ల చార్టుకు సౌండ్‌స్కాన్ సంస్థ లెక్కలు ఆధారమయ్యాయి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర బార్‌కోడ్ చదివినప్పుడల్లా ఒక అమ్మకం నమోదయ్యేది. ఆ మార్పుతో అప్పటిదాకా తక్కువగా నమోదవుతూ వచ్చిన కంట్రీ, ర్యాప్ ఆల్బమ్‌లు ఒక్కసారిగా పైకొచ్చాయి. అదే ఏడాది నవంబరులో హాట్ 100 కూడా ఈ పద్ధతికి మారింది. రేడియోలో ఏ పాట ఎప్పుడు వచ్చిందో యంత్రాలే పసిగట్టసాగాయి. ఆ సమయంలో స్టేషన్‌కు ఉన్న శ్రోతల సంఖ్యను బట్టి ప్రతి ప్రసారానికీ బరువు వచ్చింది. అర్ధరాత్రి చిన్న ఊళ్లో వేసిన పాటకూ, పొద్దున్నే న్యూయార్క్‌లో వేసిన పాటకూ విలువ ఒకటి కాదు.

అర్హత తెచ్చిన తేడా

1998 డిసెంబరు దాకా దుకాణంలో విడిగా సింగిల్‌గా అమ్మే పాటకే హాట్ 100లో చోటు ఉండేది. పాట కావాలంటే జనం ఆల్బమ్ మొత్తం కొనాలన్న ఉద్దేశంతో కంపెనీలు కొన్ని పాటలకు సింగిల్ విడుదల చేసేవి కావు. నో డౌట్ బృందం ‘డోంట్ స్పీక్’ అలాంటిదే. 1996–97లో అది అమెరికా రేడియో చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది. హాట్ 100లో మాత్రం ఒక్క వారం కూడా కనిపించలేదు. సింగిల్‌గా విడుదలైన బ్రిటన్‌లో 1997లో అదే పాట నంబర్ వన్ అయింది. ఆ తర్వాత నియమం మార్చి, సింగిల్ లేని పాటలనూ హాట్ 100లోకి అనుమతించారు.

బరువులు తెచ్చిన తేడా

2012లో దక్షిణ కొరియా గాయకుడు సై పాడిన ‘గంగ్‌నమ్ స్టైల్’ బ్రిటన్ చార్టులో అగ్రస్థానానికి చేరింది. అప్పుడు అక్కడ లెక్క కేవలం అమ్మకాలది. అమెరికాలో డౌన్‌లోడ్ల అమ్మకాల్లో ముందున్నా, హాట్ 100లో వరుసగా ఏడు వారాలు రెండో స్థానంలోనే ఆగింది. హాట్ 100లో రేడియోకు పెద్ద వాటా ఉంది. కొరియన్ పాటను అమెరికా స్టేషన్లు అంతగా వేయలేదు. రేడియో బలమున్న మరూన్ 5 బృందం ‘వన్ మోర్ నైట్’ మొదటి స్థానాన్ని నిలబెట్టుకుంది. యూట్యూబ్‌లో సై పాటకు వచ్చిన కోట్ల వీక్షణలు ఆ లెక్కలోకి రానే లేదు.

2013 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ అమెరికాలోని యూట్యూబ్ వీక్షణలనూ కలిపింది. ఆ వారమే బావర్ ‘హార్లెం షేక్’ నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. ఆ పాటకు జనం చేసిన సొంత వీడియోలు కూడా అందులో లెక్కకు వచ్చాయి. అమ్మకాలనే లెక్కించే బ్రిటన్‌లో అది మూడో స్థానం దగ్గర ఆగింది.

స్ట్రీమింగ్ లెక్క

బ్రిటన్ 2014లో స్ట్రీమింగ్‌ను చార్టులో కలిపింది. రేడియోను ఇప్పటికీ లెక్కించదు. 2018లో ఖరారైన నిష్పత్తి ప్రకారం చందాదారులు విన్న 100 సార్లు గానీ, ప్రకటనలతో ఉచితంగా విన్న 600 సార్లు గానీ ఒక అమ్మకంతో సమానం. ఉదాహరణకు ఒక పాటను వారంలో చందాదారులు 20 లక్షల సార్లు, ఉచిత శ్రోతలు 6 లక్షల సార్లు విన్నారని, 2,000 డౌన్‌లోడ్లు అమ్ముడయ్యాయని అనుకుందాం. లెక్క 20,000, 1,000, 2,000 కలిసి 23,000 యూనిట్లు అవుతుంది.

పాత పాటలు నెలల తరబడి పైనే తిష్ఠ వేయకుండా మరో నియమం ఉంది. కనీసం తొమ్మిది వారాలు చార్టులో ఉండి, వరుసగా మూడు వారాలు తగ్గుముఖం పట్టిన పాటకు నిష్పత్తి 200, 1,200కు పెరుగుతుంది. అంటే పై పాటకు వినికిడి అంతే ఉన్నా యూనిట్లు 12,500కు పడిపోతాయి. 13,000 యూనిట్ల కొత్త పాట దాన్ని దాటేస్తుంది. ఒక పాట ఒక్క వారంలో పెద్ద ఎత్తున జారిపోతే, కారణం శ్రోతలు వదిలేయడమా, నిష్పత్తి మారడమా అన్నది స్ట్రీమ్‌ల అసలు సంఖ్య చూస్తే తెలుస్తుంది.

హాట్ 100 కూడా 2018 నుంచి చందాదారుల వినికిడికి ఉచిత వినికిడి కంటే ఎక్కువ విలువ ఇస్తోంది. అయితే అందులో రేడియో అలాగే ఉంది. స్ట్రీమింగ్‌లో ముందున్న కొత్త పాటకు రేడియో మద్దతు కూడగట్టుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా అభిమానుల కొనుగోళ్ల జోరు తగ్గిపోవచ్చు. 2020 సెప్టెంబరులో బిల్‌బోర్డ్ మొదలుపెట్టిన ‘గ్లోబల్ 200’ 200కు పైగా దేశాలూ ప్రాంతాల స్ట్రీమింగ్, డౌన్‌లోడ్లను కలుపుతుంది, రేడియోను వదిలేస్తుంది. అందువల్ల ఒకే వారం, ఒకే సంస్థ ప్రచురించే రెండు పట్టికల్లో కూడా అగ్రస్థానాలు వేరుగా ఉండవచ్చు.