వాడిన వంటనూనె బయోడీజిల్

వేపుళ్లకు, పిండివంటలకు వాడాక ఇక వంటకు పనికిరాదని పక్కన పెట్టిన నూనెను మిథనాల్‌తో రసాయన చర్య జరిపించి తయారుచేసే ఇంధనం వాడిన వంటనూనె బయోడీజిల్. రసాయన శాస్త్రం ప్రకారం ఇది కొవ్వు ఆమ్లాల మిథైల్ ఎస్టర్ల మిశ్రమం. దీన్ని నేరుగా గానీ, మామూలు డీజిల్‌లో కలిపి గానీ డీజిల్ ఇంజన్లలో వాడతారు. వందకు 20 పాళ్లు బయోడీజిల్ ఉన్న మిశ్రమాన్ని బి20 అని, పూర్తిగా బయోడీజిలే అయితే బి100 అని వ్యవహరిస్తారు. ఈ ఇంధనం ఇంజన్‌కు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ప్రధానంగా తయారీలో చివరి దశలైన కడగడం, ఆరబెట్టడం ఎంత శ్రద్ధగా జరిగాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

నూనెను మార్చడం ఎందుకు

డీజిల్ ఇంజన్ నూనెతోనూ నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపారు. చిక్కల్లా నూనె చిక్కదనంతోనే. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద వంటనూనె డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది. అందువల్ల ఇంజెక్టర్ దాన్ని సన్నని తుంపరగా చిమ్మలేదు. పెద్ద బొట్లుగా పడిన నూనె పూర్తిగా మండక ఇంజెక్టర్ కొనల మీద, పిస్టన్ రింగుల సందుల్లో మసిగా గట్టిపడుతుంది. కొంత నూనె ఇంజన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని జిగటగా మారుస్తుంది.

నూనె అణువులో గ్లిజరాల్ అనే వెన్నుకు మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ఆ వెన్నును తీసేసి, ఒక్కో కొవ్వు ఆమ్లానికి ఒక్కో మిథనాల్ అణువును తగిలిస్తే మూడు చిన్న అణువులు వస్తాయి. అదే బయోడీజిల్. దాని చిక్కదనం డీజిల్‌కు దగ్గరగా ఉంటుంది. ఈ మార్పిడి పద్ధతికి బెల్జియంలో 1937లోనే పేటెంటు లభించింది.

మరిగిన నూనెలో వచ్చే మార్పులు

మూకుడులో కాగే నూనెలోకి మిర్చిబజ్జీలో, పునుగులో వేసినప్పుడల్లా పిండిలోని నీరు ఆవిరై నూనెతో కలుస్తుంది. ఆ వేడిలో నీరు నూనె అణువులను చీల్చి కొవ్వు ఆమ్లాలను విడగొడుతుంది. వీటిని స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు అంటారు. మరోవైపు గాలిలోని ఆక్సిజన్ తగిలి కొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నూనె నల్లబడి, జిగటబారి, నురగ కట్టడానికి ఇవే కారణాలు. ఇలా చెడిన భాగాన్ని మొత్తం ధ్రువ పదార్థాలుగా కొలుస్తారు. అవి 25 శాతం మించితే ఆ నూనెను వంటకు వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ విధించిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది.

బయోడీజిల్ తయారుచేసేవారు అన్నిటికంటే ముందు చూసేది స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలనే. అవి ఉత్ప్రేరకంగా వేసిన కాస్టిక్ సోడాను పట్టుకుని సబ్బుగా మారతాయి. కొత్త నూనెలో ఇవి నామమాత్రం. వాడిన నూనెలో ఎన్ని ఉంటాయన్నది ఒక్కో దుకాణంలో ఒక్కో తీరు. అందుకే ప్రతి వాయికీ విడిగా పరీక్ష చేయక తప్పదు.

తయారీ: వంద లీటర్ల వాయి

ముందుగా నూనెను వెచ్చచేసి వడగట్టి, పిండి తునకలను, మడ్డిని తీసేస్తారు. తరువాత నీటిని తొలగిస్తారు. కొద్దిసేపు కదలకుండా ఉంచి అడుగున చేరిన నీటిని వదిలేసి, మిగిలిన తేమ పోయేదాకా నూనెను 100 డిగ్రీలు దాటించి కాస్తారు. చిటపటలు ఆగితే నీరు పోయినట్లు.

ఆపై ఆమ్లత పరీక్ష. 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మిల్లీలీటరు నూనెను కరిగించి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తారు. లీటరు నీటిలో 1 గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణాన్ని అందులో బొట్టుబొట్టుగా వదులుతారు. గులాబీ రంగు వచ్చి అరనిమిషం పాటు నిలిస్తే అక్కడ ఆపాలి. అందుకు 3 మిల్లీలీటర్ల ద్రావణం పట్టిందనుకుందాం. అంటే నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు 2 శాతం పైచిలుకు ఉన్నాయి. వాటిని అణచడానికి లీటరు నూనెకు 3 గ్రాముల సోడా కావాలి. అసలు చర్యకు కావలసింది మరో 3.5 గ్రాములు. మొత్తం 6.5 గ్రాములు. ఆ లెక్కన వంద లీటర్లకు 650 గ్రాములు.

మిథనాల్ సిద్ధాంతం ప్రకారం 13 లీటర్లు సరిపోవాలి. అయితే ఈ చర్య ముందుకూ వెనక్కూ నడిచేది. మిథనాల్ ఎక్కువగా ఉంటేనే అది చివరిదాకా ముందుకు సాగుతుంది. కాబట్టి 20 లీటర్లు వేస్తారు. సోడాను ముందు మిథనాల్‌లో కరిగించి, ఆ ద్రావణాన్ని 55 డిగ్రీల వేడిలో ఉన్న నూనెలోకి పోసి గంటసేపు కలుపుతారు. మిథనాల్ సుమారు 65 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి వేడి అంతకు మించకూడదు. మిథనాల్ ఆవిరి విషం. అది లోపలికి పోతే కంటిచూపు, ప్రాణం పోయే ప్రమాదం ఉంది. దాని మంట పగటివేళ కంటికి సరిగా ఆనదు. అందుకే ఈ పనిని మూతపెట్టిన పాత్రల్లో, నిప్పుకు దూరంగా, శిక్షణ పొందినవారే చేయాలి.

కలపడం ఆపాక కొన్ని గంటల్లో ద్రవం రెండు పొరలుగా విడిపోతుంది. అడుగున ముదురు గోధుమరంగు గ్లిజరిన్, పైన లేత తేనెరంగు బయోడీజిల్ నిలుస్తాయి. అడుగుపొరలో గ్లిజరిన్‌తోపాటు సబ్బు, సోడా, మిగులు మిథనాల్ కూడా ఉంటాయి. దాన్ని వదిలేశాక సుమారు 90 లీటర్ల ఇంధనం చేతికొస్తుంది. కొవ్వు ఆమ్లాలు మరీ ఎక్కువగా ఉన్న నూనె అయితే ఈ పద్ధతి పనికిరాదు. ముందు గంధకామ్లంతో, మిథనాల్‌తో చర్య జరిపి ఆ ఆమ్లాలనే ఎస్టర్లుగా మార్చి, తరువాత సోడా దశకు వెళ్తారు. పెద్ద కర్మాగారాల్లో చివరన శూన్య స్వేదనం కూడా చేసి, అతుక్కుపోయిన బరువైన అణువులను వేరుచేస్తారు.

శుద్ధి, పరీక్షలు

గ్లిజరిన్ తీసేసిన వెంటనే అది ఇంధనం అయిపోయినట్లు కాదు. అందులో ఇంకా మిథనాల్, సబ్బు, సోడా మిగిలి ఉంటాయి. గోరువెచ్చని నీటిని మెల్లగా చిలకరించి, నీరు తేటగా దిగేదాకా కడుగుతారు. తొలిసారే గట్టిగా కుదిపితే సబ్బు వల్ల మజ్జిగలాంటి తెల్లని మిశ్రమం ఏర్పడి విడిపోవడం మానేస్తుంది. కడిగాక వేడిచేసి తేమను పోగొడతారు.

చర్య పూర్తయిందో లేదో తెలుసుకునే తేలిక పరీక్ష ఒకటుంది. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి కుదుపుతారు. బయోడీజిల్ మిథనాల్‌లో కరుగుతుంది, నూనె కరగదు. గది ఉష్ణోగ్రత వద్ద అంతా తేటగా ఉంటే చర్య దాదాపు పూర్తయినట్లు. అడుగున నూనె బొట్లు కనిపిస్తే మళ్లీ కొంత మిథనాల్, సోడా వేసి చర్య కొనసాగించాలి. ఇది వాయి బాగోగులను చూచాయగా చెప్పే పరీక్ష మాత్రమే. అమ్మకానికి పెట్టే బయోడీజిల్‌ను ఐఎస్ 15607 ప్రమాణం ప్రకారం ప్రయోగశాలలో పరీక్షించాలి. తేమ కిలోకు 500 మిల్లీగ్రాములు, విడి గ్లిజరాల్ 0.02 శాతం మించకూడదు.

ఇంజన్‌పై ప్రభావం

ప్రమాణాలకు తగ్గ బయోడీజిల్ ఇంజన్‌లో తేలిగ్గా అంటుకుంటుంది. గంధకం తీసేసిన నేటి డీజిల్‌కు జారుడు గుణం తక్కువ. అందులో ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిపినా ఇంధన పంపు అరుగుదల తగ్గుతుంది. బయోడీజిల్ బరువులో సుమారు 11 శాతం ఆక్సిజనే. అది దహనానికి తోడ్పడుతుంది గానీ శక్తిని ఇవ్వదు. అందువల్ల బి100లో లీటరుకు శక్తి ఏడెనిమిది శాతం తక్కువ. బి20తో మైలేజీలో తేడా ఒకటి రెండు శాతమే.

పాత వాహనంలో బయోడీజిల్ పోయడం మొదలుపెట్టిన కొత్తలో ఫిల్టర్ మూసుకుపోవచ్చు. ఏళ్ల తరబడి ట్యాంకులో పేరుకున్న మురికిని ఈ ఇంధనం కరిగించి తీసుకురావడమే కారణం. ఒకటి రెండుసార్లు ఫిల్టర్ మారిస్తే సమస్య తీరుతుంది. ఆ తరువాత కూడా ఫిల్టర్ పదేపదే మూసుకుపోతుంటే తప్పు ఇంధనంలోనే ఉందేమో చూడాలి. మిగిలిన సబ్బు, మార్పు చెందని నూనె, తేమ వల్ల పెరిగిన సూక్ష్మజీవుల జిగురు, వీటిలో ఏదో ఒకటి ఉండొచ్చు. మిథనాల్ మిగిలితే రబ్బరు భాగాలు, లోహాలు దెబ్బతింటాయి. సోడియం మిగిలితే దాని బూడిద పొగగొట్టంలోని మసి ఫిల్టర్‌లో పేరుకుంటుంది. బి100 వాడితే పాత బండ్లలోని సహజ రబ్బరు, నైట్రైల్ రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. వాటిని మార్చుకోవాలి.

మసి ఫిల్టర్ ఉన్న కొత్త ఇంజన్లలో మరో చిక్కు ఉంది. ఆ మసిని కాల్చడానికి కొన్ని ఇంజన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా అదనపు ఇంధనాన్ని చిమ్ముతాయి. బయోడీజిల్ సులభంగా ఆవిరి కాదు కాబట్టి అందులో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే తయారీదారు అనుమతించిన పాళ్లు దాటకూడదు.

చలి విషయం నూనె రకాన్ని బట్టి ఉంటుంది. మన హోటళ్లలో, బండ్ల మీద ఎక్కువగా వాడే పామాయిల్ నుంచి వచ్చిన బి100 10, 15 డిగ్రీల వద్దే మసకబారి గడ్డకట్టడం మొదలవుతుంది. ఆదిలాబాద్ చలికాలపు ఉదయాల్లో ఇది ఫిల్టర్‌ను అడ్డుకోగలదు. అక్కడ తక్కువ పాళ్ల మిశ్రమమే క్షేమం.

ఉద్గారాలు

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో భారీ వాహనాల ఇంజన్ల పరీక్షలను క్రోడీకరించింది. ఆ లెక్క ప్రకారం బి20తో మసి నలుసులు సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, మండని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. అందులో ఎక్కువ పరీక్షలు సోయా బయోడీజిల్‌తో చేసినవి. సంతృప్త కొవ్వులు ఎక్కువున్న నూనెల నుంచి వచ్చిన ఇంధనంతో నైట్రోజన్ ఆక్సైడ్ల పెరుగుదల తక్కువ. అంటే చలిలో ఇబ్బంది పెట్టే పామాయిల్ గుణమే ఈ విషయంలో మేలు చేస్తుంది. మసి ఫిల్టర్, యూరియా ద్రావణం వాడే శుద్ధి పరికరం ఉన్న బీఎస్-6 వాహనాల్లో పొగగొట్టం దగ్గర ఈ తేడాలు బాగా తగ్గిపోతాయి. పొగగొట్టం దగ్గరి లాభం ఎక్కువగా కనిపించేది పాత లారీలు, బస్సులు, జనరేటర్లలోనే.

వాతావరణానికి కలిగే లాభం మరో లెక్క. నూనెలోని కార్బన్ మొక్క గాలి నుంచి తీసుకున్నది. మిథనాల్ సాధారణంగా సహజవాయువు లేదా బొగ్గు నుంచి వస్తుంది కాబట్టి, బయోడీజిల్ అణువులోని సుమారు 19 కార్బన్ పరమాణువుల్లో ఒకటి శిలాజ ఇంధనానిదే. ఇదంతా లెక్కలోకి తీసుకున్నాక కూడా, వాడిన వంటనూనె బయోడీజిల్‌తో హరితగృహ వాయువులు 84 శాతం తగ్గుతాయని ఐరోపా సమాఖ్య నియమావళి ప్రామాణిక విలువగా పెట్టింది. ఈ విలువ నిజంగా వ్యర్థమైన నూనెకే వర్తిస్తుంది. కొత్త పామాయిల్‌ను వాడిన నూనెగా చూపి అమ్మితే లాభం ఆవిరవుతుంది. అందుకే నూనె ఏ దుకాణం నుంచి వచ్చిందో నమోదు చేయడం ఈ రంగంలో తప్పనిసరి.

భారతదేశంలో

2018 జాతీయ జీవ ఇంధనాల విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో ఆహార భద్రత సంస్థ, వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే రూకో కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2019 ఆగస్టులో ప్రభుత్వ రంగ చమురు సంస్థలు ఇలా తయారైన బయోడీజిల్ కొనుగోలుకు 100 నగరాల్లో ప్రతిపాదనలు ఆహ్వానించాయి. ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడలో భారీ బయోడీజిల్ కర్మాగారం ఉంది.

అసలు అడ్డంకి సేకరణే. పెద్ద హోటళ్లు వాడి అమ్మేసిన నూనెను చిన్న బండ్లవాళ్లు చౌకగా కొని మళ్లీ మూకుట్లో పోస్తున్నంత కాలం అది కర్మాగారానికి చేరదు, తినేవారి ఆరోగ్యమూ దెబ్బతింటుంది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడే సంస్థలు దాని లెక్కలు రాసి ఉంచాలని, మిగిలినదాన్ని గుర్తింపు పొందిన సేకరణదారుకే ఇవ్వాలని నిబంధన ఉంది. హోటల్ నడిపేవారు నూనె డబ్బా అప్పగించే ముందు సేకరణదారు నమోదు పత్రాన్ని అడిగి చూడాలి, రసీదు తీసుకోవాలి.