తలపాగా కొస

మంట ఎగదొయ్యరా, ఇంకో రెండు పిడకలు వెయ్యి. ఆఁ, ఇప్పుడు దగ్గరగా కూర్చోండి. నాకు పని నేర్పిన ఒక రాత్రి సంగతి చెబుతాను.

1971లో తెనాలిలో ఓ ఫోటో స్టూడియోలో పనికి చేరాను. పదహారేళ్లవాణ్ణి. ఏడాది తిరిగాక మాస్టారు నాకు బ్యాక్‌గ్రౌండ్ చెరిపే పని అప్పజెప్పారు. మీరిప్పుడు ఫోన్‌లో వేలితో చెరిపేస్తున్నారు. ఆ రోజుల్లో చెరపడమంటే పూయడమే. నెగెటివ్‌లో వెలుతురు దాటనిచోట ప్రింటులో తెల్లగా వస్తుంది. అందుకని మనిషి చుట్టూ ఒపేక్ అనే ఎర్రటి రంగు ముద్దను నీళ్లతో కలిపి, సన్నటి బ్రష్‌తో పూసేవాళ్లం.

ఓ సాయంత్రం ఒక మామ్మగారు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ భర్త సంవత్సరీకం. ఆయనకి ఉన్న ఫోటో ఒక్కటే, కూతురి పెళ్లిలో తాటాకు పందిరి కింద నలుగురి మధ్య నిలబడినప్పటిది. అందులోంచి ఆయన్నొక్కణ్ణీ తీసి పెద్దది చేయాలి. మాస్టారు ఆ ఫోటోకి కాపీ నెగెటివ్ తీసి, కడిగి ఆరవేసి, నాతో ఒకే మాట చెప్పారు: "నిగనిగలాడే వైపే పుయ్యి. తప్పు చేస్తే తుడుచుకోవచ్చు. మందు ఉన్న వైపు పూసి తడిపితే పొర ఉబ్బి గీత పడుతుంది." ఆ మాట చెప్పి ఇంటికెళ్లారు. ఊరికి చివరి బస్సు వెళ్లిపోవడంతో తల్లీ కొడుకులు స్టూడియో బల్ల మీదే ఉండిపోయారు.

నాకు తొందర. నెగెటివ్‌ని అద్దం బల్ల మీద పెట్టి, కింద బల్బు వెలిగించి, రంగు చిక్కగా కలిపి గబగబా పూసేశాను. పదింటికి ప్రింటు తీశాను. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ నిండా నల్ల చుక్కలు. రంగు మందంగా పూస్తే ఆరేటప్పుడు బీటలిస్తుంది. ఆ బీటల్లోంచి వెలుతురు దూరి కాగితం మీద నలుపు పడుతుంది. వాటిని పూడ్చి మళ్లీ తీసి మామ్మగారికి చూపించాను.

"తలపాగా ఏది నాయనా?" అంది.

నిజమే. తెల్ల తలపాగా తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయింది. లోపలి మడతలు కనిపిస్తున్నాయి గానీ అంచు లేదు. నాకు ఒళ్లు మండింది. అయినా లోపలికెళ్లాను. పాడైన ప్రింటులోంచి ఆయన బొమ్మ కత్తిరించాను. కొత్త కాగితం మీద నెగెటివ్ వెలుతురు వేశాక, ఎన్‌లార్జర్ లెన్సు కింద ఎర్ర ఫిల్టర్ అడ్డుపెట్టాను. ఆ ఎర్ర వెలుగులో బొమ్మ కనిపిస్తుంది గానీ కాగితానికి ఏమీ కాదు. కత్తిరించిన బొమ్మను సరిగ్గా ఆయన మీదికి తెచ్చి, నెగెటివ్ తీసేసి, ఫిల్టర్ తప్పించి, ఒక్క క్షణం ఉత్త వెలుతురు వేశాను. ఆ బొమ్మను కాస్త ఎత్తులో పట్టుకుని సన్నగా కదుపుతూ ఉండాలి, లేకపోతే చుట్టూ కత్తెర గీత పడుతుంది. నాలుగు కాగితాలు పాడయ్యాక, లేత బూడిద రంగు మీద తలపాగా తేలింది.

మామ్మగారు దాన్ని దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. "కుడి చెవి పక్కన కొస వేలాడాలి. అది లేదు," అంది.

"అసలు ఫోటోలోనే లేదండీ."

"ఉంది. రోజూ ఉతికి గంజి పెట్టిచ్చినదాన్ని, నాకు తెలీదా? చివరి చుట్టు వెనకనుంచి తెచ్చి ఇక్కడ దోపేవాడు. బెత్తెడు కొస కిందికి వదిలేవాడు. చూడు."

భూతద్దం పెట్టి చూశాను. మొదట తాటాకుల సందుల్లోంచి పడిన ఎండ మచ్చలే కనిపించాయి. ఆవిడ చెప్పినట్టు చుట్టు వెంబడి చూపు నడిపితే, ఆ మచ్చల్లో ఒకటి ఎండ కాదు, గుడ్డ. నెగెటివ్‌లో రెండూ ఒకేలాంటి నల్ల మచ్చలు. నేను చూడకుండానే పూసేశాను.

మాస్టారి మాట అప్పుడు అక్కరకొచ్చింది. తడి బ్రష్ మొనతో ఆ కాస్త చోట రంగు కరిగించి, దూదితో అద్ది తీశాను. ఈసారి అసలు ఫోటో పక్కన పెట్టుకుని, ఒక్కో గీతకి ముందు "ఇది గుడ్డేనా మామ్మా, ఆకా?" అని అడుగుతూ పూశాను. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. బెత్తెడు కొస చుట్టూ పూయడానికి గంటన్నర పట్టింది.

కోడి కూసే వేళకి ప్రింటు కడిగి తడిగానే చూపించాను. మామ్మగారు ఏమీ అనలేదు. లేచి నిలబడి, భుజం మీద కొంగు సర్దుకుంది.

ఓపికంటే గంటలకొద్దీ కూర్చోవడమనుకునేవాణ్ణి. బ్రష్ ముంచే ముందు చూడటమని ఆ రాత్రి తెలిసింది. ఆ తర్వాత నలభై ఏళ్లు, ఎవరు పాత ఫోటో తెచ్చినా ముందు వాళ్లను కూర్చోబెట్టి, "ఆయన ఎలా ఉండేవారో చెప్పండి" అని అడిగాకే పని మొదలుపెట్టాను.