‘ఎందుకు’ అని అడిగితే జవాబు రాదు: ఆర్‌టీఐ దరఖాస్తులో ప్రశ్నలు రాసే పద్ధతి

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, నెల రోజులు ఎదురుచూసి, చివరికి ఒకటే వాక్యం జవాబుగా అందుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు: ‘మీరు అడిగినవి ప్రశ్నల రూపంలో ఉన్నాయి, అవి సమాచారం కిందకు రావు.’ ఇలాంటి జవాబు వచ్చినప్పుడు ఆఫీసు కావాలనే దాచిందని అనుకుంటాం. చాలాసార్లు అసలు చిక్కు ప్రశ్న రాసిన తీరులోనే ఉంటుంది.

2005 నాటి ఈ చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో ‘సమాచారం’ అంటే ఏమిటో చెబుతుంది. రికార్డులు, పత్రాలు, మెమోలు, ఆర్డర్లు, రిపోర్టులు, ఫైల్లో రాసిన అభిప్రాయాలు, సలహాలు, ఇవన్నీ సమాచారమే. అంటే ఆఫీసులో ఇప్పటికే కాగితం మీదో కంప్యూటర్లోనో ఉన్నది అడగవచ్చు. లేనిదాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వమని గానీ, ఫలానా పని సరైనదా కాదా అని అధికారిని సంజాయిషీ గానీ అడగలేం. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2010 జనవరిలో ఇదే చెప్పింది. ఒక జడ్జి ఫలానా తీర్పు ఎందుకు ఇచ్చారు, ఫలానా వాదనలు ఎందుకు పట్టించుకోలేదు అని ఆ దరఖాస్తులో అడిగారు. రికార్డులో ఉన్నదే ఇవ్వగలరు, ‘ఎందుకు’ అన్నదానికి ఆర్‌టీఐలో జవాబు చెప్పనక్కర్లేదని కోర్టు తేల్చింది.

దీన్ని మన ఇళ్లలో జరిగే ఒక ఉదాహరణతో చూద్దాం. తెలంగాణలో ఒక తండ్రి కూతురి నిఖా కోసం షాదీ ముబారక్ దరఖాస్తు పెట్టాడు. 2018 నుంచి ఈ పథకం కింద ఇచ్చే మొత్తం 1,00,116 రూపాయలు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాక తహసీల్దార్ ఆఫీసు విచారణ చేస్తుంది, తర్వాత ఫైలు ఆర్డీవో దాకా వెళ్తుంది. నిఖా అయిపోయి ఎనిమిది నెలలైనా చెక్కు రాలేదు. అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటున్నారు. ఆయన ఆర్‌టీఐలో ఇలా రాశాడు: ‘నా దరఖాస్తు ఎందుకు ఆపారు? నా వెనక పెట్టినవాళ్లకు చెక్కులు ఎలా ఇచ్చారు? నాకు ఎప్పుడిస్తారు? బాధ్యుల మీద ఏం చర్య తీసుకుంటారు?’

నాలుగూ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఒక్కదానికీ ఆఫీసులో తయారుగా ఉన్న కాగితం లేదు. మొదటిది సంజాయిషీ, రెండోది ఆరోపణ, మూడోది జరగబోయే పని, నాలుగోది ఫిర్యాదు. ప్రతి ప్రశ్న వెనకా ఒక కాగితం ఉంటుంది, అడగాల్సింది దాన్ని. అదే దరఖాస్తును ఇలా మార్చవచ్చు:

1. ఫలానా నంబరు, ఫలానా తేదీ గల నా షాదీ ముబారక్ దరఖాస్తు అందిన రోజు నుంచి ఈ రోజు వరకు ఏ తేదీన ఏ హోదా గల ఉద్యోగి దగ్గరకు వెళ్లింది, అక్కడ ఎన్ని రోజులు ఉంది, ఆ ఉద్యోగి ఏం చర్య తీసుకున్నారు అన్నవి తెలిపే రికార్డు నకలు.

2. ఈ దరఖాస్తు మీద జరిగిన విచారణ రిపోర్టు, నోట్ ఫైల్, అభ్యంతరాలు ఏవైనా రాసి ఉంటే ఆ పేజీల ధ్రువీకరించిన నకళ్లు.

3. ఇలాంటి దరఖాస్తును ఎన్ని రోజుల్లో పూర్తిచేయాలో చెప్పే జీవో లేదా సర్క్యులర్ నకలు.

4. నా దరఖాస్తు తేదీ తర్వాత మూడు నెలల్లో ఈ మండలంలో అందిన షాదీ ముబారక్ దరఖాస్తుల్లో మంజూరైన వాటి దరఖాస్తు నంబరు, అందిన తేదీ, మంజూరు తేదీ. పేర్లు, ఆధార్, బ్యాంకు వివరాలు అవసరం లేదు.

మొదటి అంశం ‘ఎందుకు ఆపారు’ అనేదానికే జవాబు తెస్తుంది. ఫైలు ఒకే టేబుల్ మీద ఐదు నెలలు ఉందని కాగితం చెబితే ఇక అడగాల్సింది ఏముంది? నోట్ ఫైల్ అడగడం కూడా ముఖ్యమే. అభ్యంతరం ఉంటే అది రాతలో ఉంటుంది, లేకపోతే అభ్యంతరం లేదని తేలిపోతుంది.

నాలుగో అంశంలో జాగ్రత్త ఉంది. ఇతర లబ్ధిదారుల పేర్లు, ఖాతాలు అడిగితే వ్యక్తిగత సమాచారమని సెక్షన్ 8(1)(జె) చూపించి మొత్తం అంశాన్నే తిరస్కరిస్తారు. నంబర్లు, తేదీలు మాత్రమే అడిగితే వరస తప్పిందా లేదా అన్నది తెలుస్తుంది, ఎవరి గుట్టూ బయటపడదు. గడువు కూడా మూడు నెలలకే పరిమితం చేశారు. ‘పదేళ్ల లిస్టు ఇవ్వండి’ అంటే సిబ్బంది సమయం మొత్తం దానికే పోతుందని సెక్షన్ 7(9) అడ్డం పెడతారు. రికార్డు పెద్దదైతే నకళ్ల బదులు స్వయంగా చూస్తామని అడగవచ్చు. సెక్షన్ 2(జె) ఫైళ్లు పరిశీలించే హక్కు ఇస్తుంది. ముందు చూసి, కావలసిన పేజీల నకళ్లే తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది.

దరఖాస్తులో కథ, కోపం, విన్నపం రాయనక్కర్లేదు. సమాచారం ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదని సెక్షన్ 6(2) అంటుంది. తెలుగులోనే రాయవచ్చు. తెలుగు రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై ఆఫీసుల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జత చేస్తే ఫీజు కట్టక్కర్లేదు. ఫైలు ఆర్డీవో ఆఫీసుకు వెళ్లిపోయినా ‘మా దగ్గర లేదు’ అని తిప్పి పంపకూడదు. సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో వాళ్లే అక్కడికి బదిలీ చేసి మీకు తెలపాలి.

జవాబుకు గడువు 30 రోజులు. ‘పరిశీలనలో ఉంది’ అని వస్తే అది జవాబు కాదు. తిరస్కరిస్తే కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు రాయాలని సెక్షన్ 7(8) చెబుతుంది. జవాబు అందిన రోజు నుంచి, అసలు జవాబే రాకపోతే ఆ గడువు ముగిసిన రోజు నుంచి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. అందులో అంశాల నంబర్లు పట్టుకుని రాయడం మేలు: ‘2వ అంశంలో నోట్ ఫైల్ నకలు అడిగాను, ఇవ్వలేదు, కారణమూ చెప్పలేదు.’ ఒక్కో అంశం ఒక్కో కాగితంగా అడిగి ఉంటేనే అప్పీలులో ఏది ఇచ్చారు, ఏది ఇవ్వలేదు అని వేలు పెట్టి చూపించగలం. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు ఉంది.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఆర్‌టీఐ చెక్కు ఇప్పించదు, అధికారిని శిక్షించమని ఆర్డర్ ఇవ్వదు. ఫైలు ఎక్కడ ఆగిందో చూపే ధ్రువీకరించిన కాగితం మాత్రం చేతికిస్తుంది. కలెక్టర్‌కు ఫిర్యాదు చేసినా, ప్రజావాణికి వెళ్లినా, కోర్టుకు వెళ్లినా ఆ కాగితం జత చేసిన ఫిర్యాదును ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే మాటతో పంపేయడం కష్టం.