నూట ఇరవై ముక్కలు, ఒకటే అంచు

మా అనకాపల్లిలో ఒక మిత్రుడు టారో తరహాలో తెలుగు కార్డుల కట్ట వేయించాలనుకున్నాడు. ప్రతి కార్డు మీదా ఏముండాలో చిత్రకారుడికి రాసిచ్చే పని నాకప్పగించాడు. అంచు, గుర్తులు, చట్రం అన్నిటికీ ఒకేలా ఉండాలన్నది షరతు. ఇలాంటి పనికి నమూనా కోసం టారో దాకా వెళ్ళక్కర్లేదు, మన గంజీఫా చాలు.

గంజీఫా మొఘలులతో పాటు వ్యాపించిన ఆట. 1527లో బాబరు సింధుకు గంజీఫా ముక్కలు పంపినట్టు ఆయన ఆత్మకథలోనే ఉంది. ఆ ఎనిమిది జాతుల ఆట ఇక్కడికొచ్చాక దశావతారాలను కలుపుకుంది. మన నిర్మల్‌లోనూ, పక్కనున్న ఒడిశాలోనూ వీటిని గుండ్రంగా చేశారు. ఒడిశాలోనైతే పాతగుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, ఆరాక బొమ్మ వేసి లక్క పట్టిస్తారు.

దశావతార గంజీఫాలో పది జాతులు. ఒక్కో జాతికి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకె ముక్కలు. వెరసి 120. ఇన్ని బొమ్మల్ని విడివిడిగా ఊహించనక్కర్లేదు. జాతికో నేల రంగు, ఓ గుర్తు, హోదాకో అమరిక నిర్ణయిస్తే చాలు. మత్స్యజాతినే చూడండి. రాజు ముక్కలో మత్స్యావతారం ఉంటుంది. అయిదో ముక్కలో అయిదు చేపలుంటాయి. కూర్మానికొస్తే చేపల చోట తాబేళ్ళు వస్తాయి, నేల రంగు మారుతుంది. అంచు వలయం మాత్రం కదలదు.

ఈ క్రమశిక్షణ అందం కోసమే కాదు. చేతిలో ముక్కలు విసనకర్రలా పరిస్తే కనిపించేది ఒక పక్క అంచూ, కాస్త నేలా. జాతిని అక్కడే గుర్తుపట్టాలి. పైగా మొదటి అయిదు అవతారాల్లో మంత్రి తరువాత పది పెద్దది, మిగతా అయిదింటిలో ఒకటి పెద్దది. జాతి పొరబడితే గెలవాల్సిన ముక్క ఓడిపోతుంది. వీపు రంగు ఒక్క ముక్కకి తేడాగా ఉన్నా చాలు, అదెవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోతుంది. పోయిన ముక్కకి బదులు కొత్తది చేయించినప్పుడు వచ్చే చిక్కు ఇదే.

అందుకే నేను రాసిచ్చిన వివరణలో సగం ప్రతి కార్డుకీ అక్షరం మారకుండా వస్తుంది: ఆకారం, అంచు వెడల్పు, గీత మందం, వీపు. ఖాళీలు మూడే: జాతి, హోదా, సంఖ్య. కమండలం, శంఖం లాంటివి చిన్నవిగా తొమ్మిదేసి వేస్తే ఒకలాగే కనబడతాయి. కనక ముందు రాజుని కాదు, ప్రతి జాతిలో తొమ్మిదో ముక్కనీ పదో ముక్కనీ వేయించి, బారెడు దూరంలో పెట్టి చూడమన్నాను. అక్కడ పోల్చుకోగలిగిన గుర్తే పెద్ద బొమ్మలోకి వెళ్ళాలి.

మిత్రుడికి రాజులే ముందు కావాలి. అంకె ముక్కలు వందా కుదరకపోతే ఆ రాజులు పది పటాలే అవుతారు, కట్ట కాలేరు.