వెతుకులాటకు కొలబద్ద

1953లో అమెరికాలో రెండు జట్లు పోటీకి దిగాయి. ఒకటి ఆస్టియా అనే సైనిక సాంకేతిక సమాచార సంస్థది. రెండోది మార్టిమర్ టౌబ్ అనే గ్రంథాలయ నిపుణుడిది. నివేదికలకు విషయ శీర్షికలు పెట్టి కార్డులు రాయడం ఆస్టియా పద్ధతి. శీర్షికలతో పనిలేదు, నివేదికలోని విడివిడి మాటలు రాసుకుంటే చాలన్నది టౌబ్ వాదం. 15,000 నివేదికలు, 98 ప్రశ్నలు ముందు పెట్టుకుని ఎవరి పద్ధతిలో వాళ్లు వెతికారు. తీరా లెక్క చూసే వేళకు అసలు చిక్కు బయటపడింది. ఫలానా నివేదిక ఫలానా ప్రశ్నకు జవాబవుతుందా, కాదా? అక్కడే రెండు జట్లకూ పొసగలేదు. కూర్చుని మాట్లాడుకున్నా చాలా వాటి మీద ఎవరి మాట వారిదే. గెలుపెవరిదో తేలలేదు.

నెట్‌లో వెతకడం పిల్లలకు నేర్పే ఉపాధ్యాయుడికి మొదటి పాఠం ఇక్కడే ఉంది. ఏది జవాబో ముందే తేల్చుకోకపోతే, ఎవరు బాగా వెతికారో చెప్పే దారే లేదు. అందుకే మొదటి పీరియడ్‌లో కంప్యూటర్ తెరవకండి. ప్రశ్నను నల్లబల్ల మీద పూర్తి వాక్యంలో రాయండి. ఉదాహరణకు, రామప్ప గుడి ఇటుకలు నీటిలో ఎందుకు తేలతాయి? దాని కింద ఇంకో వాక్యం: కారణం చెప్పిన పేజీకే మార్కు, ‘తేలతాయి’ అని ఊరుకున్న పేజీకి లేదు. ఆ రెండో వాక్యం లేకపోతే మీ తరగతిలోనూ 1953 నాటి పేచీ వస్తుంది.

ఆ పేచీకి విరుగుడు కనిపెట్టినవాడు ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్ విమానశాస్త్ర కళాశాల గ్రంథాలయాధికారి సిరిల్ క్లెవర్డన్. మొదటి పరీక్షలో ఆయన 18,000 పత్రాలను నాలుగు పద్ధతుల్లో సూచికలకెక్కించాడు. ప్రశ్నలు కావాలి కదా. వాటిని ఆ పత్రాల్లోంచే తయారు చేయించాడు. దీని మీద విమర్శ వచ్చింది. పత్రం చూసి ప్రశ్న రాస్తే, పత్రంలోని మాటలే ప్రశ్నలోకి వచ్చేస్తాయి. అలాంటప్పుడు దొరకడం తేలికే. మనమూ ఇదే పొరపాటు చేస్తుంటాం. మంచి పేజీ ఒకటి ముందుగా చూసుకుని, అందులోని మాటలతోనే ప్రశ్న ఇస్తాం. పిల్లలు ఇట్టే పట్టేస్తారు, వెతకడం మాత్రం నేర్చుకోరు. పేజీ చూడకముందే పుట్టిన సందేహాన్ని ప్రశ్నగా ఇవ్వండి.

1960లలో జరిపిన రెండో పరీక్షలో క్లెవర్డన్ ఈ లోపం దిద్దుకున్నాడు. పరిశోధకులను, మీ పరిశోధనకు మూలమైన ప్రశ్న ఏమిటని అడిగి తీసుకున్నాడు. పత్రాలను 1,400కు కుదించి, ఒక్కో ప్రశ్నకు ఏవేవి పనికొస్తాయో మనుషుల చేత ముందే తేల్పించాడు. ఆ తర్వాతే కొలిచాడు. ఆ కొలతలు రెండు. దొరికినవాటిలో పనికొచ్చేవి ఎన్నో చెప్పేది ప్రిసిషన్. పనికొచ్చేవాటన్నిటిలో దొరికినవి ఎన్నో చెప్పేది రీకాల్. వల వెడల్పుగా వేస్తే చేపలతో పాటు నాచూ వస్తుంది. చిన్నగా వేస్తే నాచు తగ్గుతుంది, చేపలూ తప్పిపోతాయి. సాధారణంగా ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుందని క్రాన్‌ఫీల్డ్ అంకెలు చూపించాయి.

నెట్‌లో పనికొచ్చే పేజీలు మొత్తం ఎన్నో ఎవరికీ తెలియదు. మరి రీకాల్ ఎలా కొలవాలి? 1992లో అమెరికాలో మొదలైన ట్రెక్ పోటీలు దీనికొక ఉపాయం వాడాయి. పోటీదారులందరి జాబితాల్లో పైనున్నవాటిని ఒకే కుప్పగా పోసి, ఆ కుప్పను మాత్రమే మనుషులు పరిశీలిస్తారు. తరగతి గదికి అతికినట్టు సరిపోయే పద్ధతి ఇది.

పిల్లలను ఐదు జట్లు చేయండి. ఒక్కో జట్టు తనకు తోచిన మాటలతో వెతికి మొదటి పది ఫలితాలు తెస్తుంది. మొత్తం యాభైకి మించవు. మళ్లీ మళ్లీ వచ్చినవి తీసేస్తే 26 మిగిలాయనుకుందాం. ఒక్కో పేజీని ఇద్దరు పిల్లలు, ఒకరిది ఒకరు చూసుకోకుండా, అవునో కాదో రాయాలి. తేడా వచ్చిన చోట బల్ల మీది రెండో వాక్యం చదివి తేల్చుకోవాలి. చివరికి 8 పేజీలు నిలిచాయనుకుందాం. ‘రామప్ప గుడి’ అని కొట్టిన జట్టుకు దారి వివరాలు, బస వివరాలు వచ్చిపడ్డాయి. పదిలో ఒక్కటే పనికొచ్చింది. `Ramappa floating bricks` అన్న జట్టుకు పదిలో నాలుగు. అంటే ప్రిసిషన్ 40 శాతం, ఎనిమిదిలో నాలుగు దొరికాయి కాబట్టి రీకాల్ 50 శాతం. `"Ramappa" "lightweight bricks" density` అని బిగించిన జట్టుకు వచ్చినవే మూడు, మూడూ పనికొచ్చాయి. ప్రిసిషన్ నూటికి నూరు. ఐదు మాత్రం చేజారాయి. ఎవరు గెలిచారని పిల్లలు అడుగుతారు. ఒక్క జవాబు చాలనుకుంటే మూడో జట్టు, ప్రాజెక్టు రాయాలంటే రెండోది అని చెప్పండి.

ఇప్పుడు మాటలు మార్చడం. ఏ మాట మార్చాలో ఊహకు వదిలేయకూడదని 1960లలోనే జోసెఫ్ రోకియో చూపించాడు. పనికొచ్చిన పత్రాల్లోని మాటలకు బరువు పెంచు, పనికిరానివాటిలోని మాటలకు తగ్గించు అన్నది ఆయన సూత్రం. పిల్లలు పెన్సిల్‌తోనే ఈ పని చేయగలరు. నిలిచిన ఎనిమిది పేజీల్లో పదే పదే కనిపించే మాటల కింద గీత గీయమనండి: సాంద్రత, సన్నని రంధ్రాలు, `porous`. తీసేసిన పేజీల్లో మాత్రమే కనిపించేవి విడిగా రాయమనండి: `hotel`, `distance`. మొదటి వరుస మాటలు ఒక్కొక్కటిగా కలుపుతూ, రెండో వరుసలోని ఒక మాట ముందు మైనస్ గుర్తు పెట్టి మళ్లీ వెతకాలి. చివరికి వెతికేది ఇలా ఉంటుంది:

```
Ramappa bricks porous density -hotel
```

అన్ని మాటలూ ఒకే బలం కలవి కావు. చాలా పత్రాల్లో ఉండే మాట కంటే కొద్ది పత్రాల్లోనే ఉండే మాట ఎక్కువగా వేరు చేస్తుందని కేంబ్రిడ్జిలో కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో నిరూపించింది. రామప్ప పేజీలన్నిటిలోనూ ‘గుడి’ ఉంటుంది. ‘సాంద్రత’ కొన్నిటిలోనే ఉంటుంది. ఒకసారికి ఒక్క మాటే మార్పించండి. మూడు మాటలు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రెండో విడతలో కొత్త మంచి పేజీ తగిలితే ఎనిమిది తొమ్మిదవుతుంది, అప్పుడు పాత రీకాల్ అంకెలన్నీ తిరిగి లెక్కించాలి. ‘అప్పుడు మనం అనుకున్నంత దొరకలేదన్నమాట’ అని పిల్లలు తమంతట తామే అంటారు.

ఈ కొలబద్దకు ఒక హద్దుంది. క్లెవర్డన్ కొలిచింది పేజీ ప్రశ్నకు తగిందా అన్నదే, అది చెప్పేది నిజమా అన్నది కాదు. ఇటుకలో మంత్రశక్తి ఉందని రాసిన పేజీ కూడా కారణం చెప్పినట్టే. అందుకే నిలిచిన ఎనిమిదికీ రెండో పరీక్ష పెట్టాలి. ఇందులో దారి చూపింది స్టాన్‌ఫర్డ్‌కు చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూల 2017 నాటి అధ్యయనం. చరిత్రకారులు పదిమంది, విద్యార్థులు 25 మంది, వార్తల నిజానిజాలు చూసే నిపుణులు పదిమంది అందులో పాల్గొన్నారు. మొదటి రెండు వర్గాల్లో చాలామంది పేజీలోనే ఉండి, దాని రూపురేఖలు చూసి మోసపోయారు. నిపుణులు మాత్రం వెంటనే కొత్త ట్యాబు తెరిచి, ఈ పేజీ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు.

మన ఉదాహరణకు ఆ కొత్త ట్యాబు ఇది:

```
Ramappa site:whc.unesco.org
```

రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గుడి విమానాన్ని తేలికైన, రంధ్రాలున్న ఇటుకలతో కట్టారనీ, దాంతో పైకప్పు బరువు తగ్గిందనీ యునెస్కో వివరణలో ఉంది. మిగిలిన ముడి మీ సైన్సు పుస్తకమే విప్పుతుంది. ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము కంటే తక్కువ తూగే ఏ వస్తువైనా నీటి మీద తేలుతుంది.