వ్యాసంతో వెళ్ళే ఉత్తరం: సత్యేంద్రనాథ్ బోస్ 1924 నాటి లేఖ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరిశోధన వ్యాసాన్ని పత్రికకు పంపేటప్పుడు సంపాదకుడికి రాసే కవరింగ్ లెటర్ నేడు ఈ-మెయిల్ రూపంలో ఉంది. వ్యాసం చేసిన కొత్త పని ఏమిటో, అది ఆ పత్రికకు ఎందుకు తగినదో క్లుప్తంగా చెప్పడం దాని ప్రయోజనం. ఢాకా విశ్వవిద్యాలయం నుండి సత్యేంద్రనాథ్ బోస్ 1924 జూన్ 4న ఐన్‌స్టీన్‌కు రాసిన లేఖను ఆధారంగా తీసుకొని, ఈ ఉత్తరం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కవరింగ్ లెటర్, ఈ-మెయిల్, పరిశోధన పత్రిక, సంపాదకుడు, సత్యేంద్రనాథ్ బోస్, ఐన్‌స్టీన్.

1. ఉత్తరమే వ్యాసమైన కాలం

పరిశోధన పత్రికలు మొదలైనప్పుడు వ్యాసం వేరు, దానితో పంపే ఉత్తరం వేరు అన్న విభజన స్పష్టంగా లేదు. లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ను ప్రారంభించినప్పుడు, తనకు వచ్చిన ఉత్తరాలనూ వాటిలోని భాగాలనూ అందులో అచ్చువేసేవాడు. కాంతి, రంగుల గురించి న్యూటన్ 1672లో ప్రకటించిన ప్రసిద్ధ రచన కూడా ఓల్డెన్‌బర్గ్‌కు రాసిన ఉత్తరమే. అందులో సంబోధన ఉంది, ప్రయోగ వివరణ ఉంది, వాదన ఉంది. విడిగా పరిచయం చేయవలసిన అవసరం దానికి కలగలేదు.

క్రమంగా వ్యాసం తనదైన నిర్మాణాన్ని సంతరించుకొని ఉత్తరం నుండి విడిపోయింది. ‘నేను’, ‘మీరు’ అనే వ్యక్తిగత సంబంధం వ్యాసంలోంచి తొలగి, పైన జతచేసే చిన్న కాగితంలో నిలిచింది. కవరింగ్ లెటర్ అంటే అలా మిగిలిన భాగమే. వ్యాసంలో చెప్పడానికి వీలులేనిది, సంపాదకుడు వ్యాసం చదవకముందే తెలుసుకోవలసినది ఆ కాగితంలోకి చేరింది.

2. ఢాకా నుండి బెర్లిన్‌కు

1924 నాటికి బోస్ వయస్సు ముప్పై ఏళ్ళు. ఢాకా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర రీడర్. డాక్టరేట్ పట్టా లేదు. అంతకుముందు ఆయన వ్యాసాలు కొన్ని ఇంగ్లండులోని ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో వచ్చినా, యూరప్ శాస్త్రజ్ఞులలో ఆయన పేరు ఎరిగినవారు తక్కువ. ఆ స్థితిలో ఆయన ఒక చిన్న ఇంగ్లీషు వ్యాసాన్ని నేరుగా ఐన్‌స్టీన్‌కు పంపాడు. దానితో రాసిన ఉత్తరం ఒక పేజీకి మించదు.

ఆ ఉత్తరంలో వరుసగా కనిపించే విషయాలివి. జతచేసిన వ్యాసాన్ని చదివి అభిప్రాయం చెప్పమని అభ్యర్థన. వ్యాసంలో చేసిన పని ఏమిటో ఒకే వాక్యంలో వివరణ. వ్యాసాన్ని అనువదించగలిగినంత జర్మన్ తనకు రాదన్న ఒప్పుకోలు. ప్రచురణకు తగినదని తోస్తే ‘సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజీక్’ పత్రికలో వచ్చేలా చూడమన్న విన్నపం. పరిచయం లేకపోయినా రాతల ద్వారా తామందరూ ఆయన శిష్యులమే కాబట్టి అడగడానికి సంకోచించడం లేదన్న మాట. చివరగా, సాపేక్షతా సిద్ధాంత వ్యాసాలను ఇంగ్లీషులోకి అనువదించడానికి కలకత్తా నుండి ఒకరు అనుమతి కోరారనీ, ఆ పుస్తకం వెలువడిందనీ, సాధారణ సాపేక్షతా వ్యాసాన్ని అనువదించినది తానేననీ గుర్తుచేయడం. మేఘనాద్ సాహాతో కలిసి చేసిన ఆ అనువాదాన్ని కలకత్తా విశ్వవిద్యాలయం 1920లో ప్రచురించింది.

తన డిగ్రీల గురించి, ఉద్యోగ హోదా గురించి ఈ ఉత్తరంలో బోస్ ప్రస్తావించలేదు. తన యోగ్యతకు ఆయన చూపిన ఆధారం ఒక్కటే. అదీ చదివేవ్యక్తి పనితో నేరుగా ముడిపడినది. నేటి ఈ-మెయిళ్ళలో సగం చోటు ఆక్రమించే హోదాల జాబితాకూ దీనికీ ఉన్న తేడా గమనించదగినది.

3. ఒక వాక్యంలో కొత్తదనం

ఈ లేఖకు ప్రాణం రెండవ అంశం. వికిరణానికి సంబంధించి ప్లాంక్ 1900లో ప్రకటించిన సూత్రంలో రెండు భాగాలున్నాయి. ఒకటి 8πν²/c³ అనే గుణకం, రెండవది సగటు శక్తి. రెండవ భాగం క్వాంటం భావన నుండి వస్తుండగా, మొదటి భాగాన్ని మాత్రం పాత విద్యుదయస్కాంత తరంగ సిద్ధాంతం నుండి తెచ్చుకోవలసి వచ్చేది. కొత్త ఇంటికి పాత పునాది వంటి స్థితి అది. పాత సిద్ధాంతాన్ని కాదంటున్న సూత్రం అదే సిద్ధాంతం మీద ఆధారపడడం తార్కికంగా ఇబ్బందికరం. ఈ ఇబ్బందిని అందరికంటే బాగా ఎరిగినవాడు ఐన్‌స్టీన్.

బోస్ వాక్యం చెప్పిందిదే: ఆ గుణకాన్ని సంప్రదాయ విద్యుద్గతిశాస్త్రంతో పనిలేకుండా రాబట్టడానికి ప్రయత్నించాననీ, అందుకు ఫేజ్ స్పేస్‌లోని అతిచిన్న గడి పరిమాణం h³ అన్న ఒక్క ఊహను మాత్రమే స్వీకరించాననీ. ఇందులో మూడు విషయాలు ఇమిడి ఉన్నాయి. ఏ ఫలితం రాబట్టారు, దేన్ని ఆశ్రయించకుండా రాబట్టారు, దానికి బదులుగా దేన్ని ఆధారం చేసుకున్నారు. ఈ మూడూ ఉన్నందువల్ల, వ్యాసాన్ని విప్పకముందే దాని నిజానిజాలను ఎక్కడ పరీక్షించాలో చదివేవ్యక్తికి తెలిసిపోతుంది.

ఈ నిర్మాణం భౌతికశాస్త్రానికే పరిమితం కాదు. తెలుగు సాహిత్య చరిత్రలో ఒక కవి కాలనిర్ణయంపై వ్యాసం పంపుతున్న పరిశోధకుణ్ణి ఊహించవచ్చు. “ఈ కవిపై ఇంతవరకు సమగ్రమైన పరిశోధన జరగలేదు. ఆ లోటును ఈ వ్యాసం తీరుస్తుంది” అని ఆయన రాస్తే సంపాదకుడికి చేరే సమాచారం దాదాపు శూన్యం. పైగా ‘ఇంతవరకు జరగలేదు’ అన్న మాట నిరూపించడం కష్టం, ఖండించడం సులభం. గ్రంథాలయంలో దొరికే ఒక్క పాత సిద్ధాంతవ్యాసం చాలు. అదే పరిశోధకుడు “కవి కాలాన్ని చాటుపద్యాలనూ జనశ్రుతినీ ఆశ్రయించకుండా, కావ్యంలోని క్రియారూపాలను తేదీ తెలిసిన శాసనాల భాషతో పోల్చడం ద్వారా మాత్రమే నిర్ణయించే ప్రయత్నం చేశాను” అని రాస్తే, బోస్ వాక్యంలోని మూడు భాగాలూ అందులో కనిపిస్తాయి. వ్యాసాన్ని ఎవరికి సమీక్షకు పంపాలో కూడా సంపాదకుడికి అప్పుడే తెలుస్తుంది. శాసనభాష తెలిసినవారికి పంపాలి.

4. తగిన చోటు

పత్రికకు ఎందుకు తగినదన్న అంశాన్ని బోస్ విడిగా వివరించలేదు. ఎవరికి రాశాడన్నదే ఆ వివరణ. కాంతి క్వాంటా భావనను 1905లో ప్రతిపాదించినవాడు, ప్లాంక్ సూత్రాన్ని 1917లో మరొక మార్గంలో సాధించినవాడు ఐన్‌స్టీన్. బోస్ వ్యాసం ఆ ఆలోచనకు కొనసాగింపు. ఇక పత్రిక విషయానికి వస్తే, 1920లో మొదలైన ‘సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజీక్’ క్వాంటం సిద్ధాంత చర్చలకు నాటి ప్రధాన వేదికలలో ఒకటి. ఆ చర్చ జరుగుతున్న చోటికే, ఆ చర్చలో ఉన్నవారి ద్వారానే వ్యాసం చేరింది.

నేటి ఈ-మెయిళ్ళలో ఈ అంశం తరచుగా పొగడ్తగా మారుతోంది. ‘ప్రతిష్ఠాత్మకమైన మీ పత్రికలో’ అన్న మాట ఏ పత్రికకైనా సరిపోతుంది కాబట్టి దేనికీ సరిపోనట్టే. ఆ పత్రికలో ముందు వచ్చిన ఏ చర్చను తన వ్యాసం అంగీకరిస్తోందో, సవరిస్తోందో ఒక వాక్యంలో చెప్పడమే తగుదనాన్ని చూపడం. అలా చెప్పడానికి ఏమీ దొరకకపోతే, పత్రిక ఎంపికను మరోసారి ఆలోచించుకోవలసి ఉంటుంది.

బోస్ లేఖలో లేనివీ, నేటి ఈ-మెయిల్‌లో తప్పనిసరి అయినవీ కొన్ని ఉన్నాయి. వ్యాసం మరెక్కడా ప్రచురితం కాలేదన్న హామీ వాటిలో ముఖ్యమైనది. ఇతరచోట్ల వెలువడిన ఫలితాలను స్వీకరించబోమని ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ 1969లో చేసిన ప్రకటన పేరుపొందింది. రెండవది సమీక్షకు సమ్మతి. ఈ విషయంలో ఐన్‌స్టీన్ అనుభవమే ఆసక్తికరం. రోజెన్‌తో కలిసి రాసిన గురుత్వ తరంగాల వ్యాసాన్ని ఆయన 1936లో ‘ఫిజికల్ రివ్యూ’కు పంపగా, సంపాదకుడు జాన్ టేట్ దాన్ని ఒక సమీక్షకుడికి చూపించి, ఆ అభిప్రాయంతో తిప్పి పంపాడు. తాము పంపింది ప్రచురణకే గాని ఇతరులకు చూపించడానికి కాదని ఐన్‌స్టీన్ కోపంగా జవాబిచ్చి వ్యాసాన్ని ఉపసంహరించుకున్నాడు. అయితే గురుత్వ తరంగాలు లేవన్న మూల నిర్ధారణలోనే పొరపాటు ఉంది. మరొక పత్రికలో 1937లో వెలువడేనాటికి ఆ నిర్ధారణ మారింది. నేడు పీర్ రివ్యూ పత్రికకు ఈ-మెయిల్ పంపడమంటే ఆ సమ్మతి ఇచ్చినట్టే.

5. ఉత్తరానికి తెలియనిది

బోస్ వ్యాసం పత్రికకు చేరినట్టుగా నమోదైన తేదీ 1924 జూలై 2. ఢాకాలో ఉత్తరం రాసి అప్పటికి 28 రోజులు. ఓడ ప్రయాణం, చదవడం, జర్మన్‌లోకి అనువాదం అన్నీ ఆ వ్యవధిలోనే జరిగాయి. అనువదించినవాడు ఐన్‌స్టీనే. ఇది ముఖ్యమైన ముందడుగు అని ప్రశంసిస్తూ, ఈ పద్ధతిని వాయువులకూ వర్తింపజేయవచ్చని సూచిస్తూ చివర ఒక గమనిక చేర్చాడు. రచయిత పేరు ఇంటిపేరుతో మాత్రమే, ‘బోస్, ఢాకా విశ్వవిద్యాలయం’ అని అచ్చయింది.

అయితే ఆ వ్యాసంలో చరిత్రకు మిగిలిన అంశం, ఉత్తరంలో బోస్ చెప్పిన అంశం ఒకటి కావు. కాంతి క్వాంటాలను ఒకదాని నుండి మరొకటి వేరుచేయలేనివిగా లెక్కించే కొత్త గణన పద్ధతి ఆ వ్యాసంలో ఉంది. నేడు బోస్–ఐన్‌స్టీన్ గణాంకం అంటున్నది దానినే. ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. తాను చేసింది నిజంగా కొత్తదన్న సంగతి అప్పట్లో తనకు తెలియదని తరువాతి కాలంలో బోసే చెప్పుకున్నాడు. గుణకం విషయంలో ఆయన స్పష్టంగా, నిజాయితీగా రాశాడు. ఆ స్పష్టతే ఐన్‌స్టీన్‌ను వ్యాసం లోపలికి తీసుకువెళ్ళింది. ఉత్తరం చెప్పని దానిని ఆయన అక్కడ చూశాడు. ఉత్తరంలో పెద్ద మాటలు లేకపోవడం వల్ల వ్యాసానికి నష్టమేమీ జరగలేదు.

దీనికి మరో వైపూ ఉంది. మొదటి ఉత్తరం రాసిన పదకొండు రోజులకే, జూన్ 15న, బోస్ రెండవ వ్యాసాన్ని కూడా పంపాడు. పదార్థ సమక్షంలో వికిరణ సమతాస్థితి దాని విషయం. ఐన్‌స్టీన్ దాన్నీ అనువదించాడు, అదే పత్రికలో అదే ఏడాది అచ్చయింది. కాని ఈసారి వ్యాసం చివర ఆయన చేర్చిన గమనికలో ప్రశంస లేదు. అందులోని వాదాన్ని తాను ఎందుకు అంగీకరించలేకపోతున్నాడో కారణాలతో సహా వివరించాడు.