అప్‌లోడ్ సమయ నిర్ణయం

వీక్షకులు ఎక్కువగా ఉండే వేళను బట్టి వీడియో విడుదల గంటను ఎంచుకోవడం. యూట్యూబ్ స్టూడియోలోని ‘ఆడియన్స్’ విభాగం గత 28 రోజుల సందడిని రోజు, గంటల వారీగా ఊదారంగులో చూపుతుంది. రంగు ముదిరినకొద్దీ జనం ఎక్కువ.

ఉదాహరణకు, నల్గొండ బత్తాయి ధరలు చెప్పే ఛానల్‌కు రాత్రి 8 గంటలకు రంగు ముదిరితే, వీడియో 7 గంటలకే పెట్టాలి. హెచ్‌డీ సిద్ధమవడానికి వ్యవధి దొరుకుతుంది. మర్నాటికి ఆ ధర పాతబడుతుంది కాబట్టి ఇక్కడ వేళ ముఖ్యం.

బత్తాయి అంటుమొక్కల ఎంపికపై వీడియోకు ఈ లెక్క అక్కర్లేదు. రైతులు మొక్కలు నాటే ముందు దాన్ని వెతుక్కుంటారు. విడుదల వేళ దీర్ఘకాలిక వీక్షణలను నేరుగా ప్రభావితం చేస్తుందని తెలియదని యూట్యూబే చెబుతోంది.

మీ వీడియో ఈ రెండింటిలో ఏ రకమో తెలియాలంటే నెల తర్వాత ‘ట్రాఫిక్ సోర్స్’ చూడాలి. వీక్షణల్లో సెర్చ్ వాటా పెద్దదైతే గంటను పట్టించుకోనక్కర్లేదు. పైగా, ‘ఆడియన్స్’లోని ఊదారంగు పటం పాత వీక్షకులదే. మహబూబ్‌నగర్‌లో రేపు వెతకబోయే కొత్త రైతు అందులో కనిపించడు.